నిన్న గెలిచిన టైటిల్ ఇవాళ ఓడిపోతోందా?

సమస్య: ఒకే వ్యాసానికి రెండు టైటిళ్లు పెట్టి చూస్తున్నారు. మూడో రోజుకి రెండోది ముందుంది, అయిదో రోజుకి మొదటిది, వారం చివర మళ్లీ రెండోది. ఏది నిజంగా మెరుగో తేలడం లేదు.

ఒక లెక్క ఊహించుకుందాం. వారంలో 600 మందికి వ్యాసం కనిపించింది. చెరి 300 మందికి ఒక్కో టైటిల్ చూపించారు. మొదటిదాన్ని 12 మంది నొక్కారు, రెండోదాన్ని 18 మంది. అంటే 4 శాతం, 6 శాతం. "రెండోది 50 శాతం మెరుగు" అనేయడానికి నోరూరుతుంది. కానీ ఇంత చిన్న గుంపులో ఆ 2 పాయింట్ల తేడాకి అటూ ఇటూ సుమారు 3.5 పాయింట్ల ఊగిసలాట ఉంటుంది. రెండోది 5.5 పాయింట్లు మెరుగై ఉండొచ్చు, 1.5 పాయింట్లు అధ్వాన్నమై కూడా ఉండొచ్చు. ఈ డేటా రెంటినీ కాదనలేదు. ఆరుగురు నొక్కడం, నొక్కకపోవడం మీదే మొత్తం తీర్పు ఆధారపడింది మరి.

కారణం 1: చూడాలనుకున్న తేడాకి జనం చాలలేదు. టెస్ట్ మొదలుపెట్టే ముందే ఈ చిన్న లెక్క వేసుకోవాలి:

```
n = 16 × p × (1 − p) / d²
```

ఇక్కడ p అంటే మామూలుగా నొక్కేవాళ్ల వాటా, d అంటే కనిపెట్టాలనుకుంటున్న తేడా, n అంటే ఒక్కో టైటిల్‌కి కావాల్సిన మనుషులు. p, d రెండూ దశాంశాల్లో రాయాలి, 5 శాతమైతే 0.05 అన్నట్టు. ఇది ఉజ్జాయింపు లెక్కే. నిజంగా అంత తేడా ఉంటే అయిదింట నాలుగు సార్లు దొరుకుతుంది. తేడా అసలు లేకపోతే 5 శాతం సార్లు మాత్రమే మోసపోతాం.

మామూలు రేటు 5 శాతం అనుకుంటే, 2 పాయింట్ల తేడా పట్టుకోవడానికి ఒక్కో టైటిల్‌కి 1,900 మంది కావాలి. 1 పాయింటే అయితే 7,600. తేడా సగమైతే జనం నాలుగు రెట్లు కావాలన్నమాట. మన 300 మందితో పట్టుబడేది దాదాపు 5 పాయింట్ల తేడా. అంటే నొక్కేవాళ్లు రెట్టింపు అయితేనే.

పరిష్కారం: ఒక పదం అటూ ఇటూ మార్చిన టైటిళ్లని ఈ ట్రాఫిక్‌తో పోల్చడం దండగ. బాగా వేరుగా ఉన్నవి తీసుకోండి: ఒకటి పాఠకుడి ఇబ్బందిని చెప్పేది, ఇంకోటి దొరికే జవాబుని చెప్పేది.

అదీ చాలకపోతే ప్రశ్ననే మార్చాలి. నాకు ఎక్కువ నచ్చే దారి ఇదే. "ఈ వ్యాసానికి ఏ టైటిల్?" అని కాకుండా "మన పాఠకులకి ప్రశ్న రూపంలో ఉన్న టైటిలా, నేరుగా చెప్పేదా?" అని అడగండి. వరసగా 12 వ్యాసాలకి ఈ రెండు రకాలూ రాసి, ప్రతి వ్యాసానికీ పాఠకుల్ని కొత్తగా, యాదృచ్ఛికంగా విడదీయండి. తేడాని ఏ వ్యాసానికావ్యాసం తీసి, ఆ తర్వాత సగటు చూడండి. ఒక్కో రకానికి 3,600 చూపులు వస్తాయి, 1.5 పాయింట్ల తేడా కూడా అందుబాటులోకొస్తుంది. అవే మొహాలు మళ్లీ మళ్లీ వస్తే లెక్క కాస్త బలహీనపడుతుంది, కాబట్టి అంచు మీద ఉన్న ఫలితాన్ని నమ్మకండి. ఈ జవాబు ఒక్క వ్యాసం గురించి ఏమీ చెప్పదు కూడా.

కారణం 2: రోజూ తొంగిచూసి, ముందున్నప్పుడు ఆపేయడం. రెండు టైటిళ్లూ సరిగ్గా సమానమైనా, 5 శాతం హద్దు పెట్టుకుని సమానమైన విరామాల్లో 10 సార్లు చూసి, గెలుపు కనిపించగానే ఆపేస్తే, మోసపోయే అవకాశం దాదాపు 19 శాతానికి పెరుగుతుంది. 5 సార్లు చూసినా 14 శాతం. పరిష్కారం: n దాటాక ఒక్కసారే చూడాలి. తేదీ ముందే రాసిపెట్టుకోండి. పూర్తి వారాలు ఉండేలా చూడండి, ఎందుకంటే సెలవు రోజుల పాఠకులు వేరు.

కారణం 3: విడదీయడంలోనే తేడా. ఈ వారం ఒక టైటిల్, వచ్చే వారం ఇంకోటి పెడితే మీరు వారాల్ని పోలుస్తున్నారు, టైటిళ్లని కాదు. రెండు టైటిళ్లనీ ఒకే సమయంలో చూపించాలి. ఒక మనిషికి ఎప్పుడూ ఒకే టైటిల్ కనిపించాలి, లెక్క మనుషుల మీద ఉండాలి. సగం సగం అనుకున్న 600 మంది 340, 260గా వస్తే అది అదృష్టం కాదు, విడదీసే పద్ధతిలో ఎక్కడో లోపం. అది సరిచేసేదాకా క్లిక్‌లు చూడకండి. అనుమానముంటే రెండు వైపులా ఒకే టైటిల్ పెట్టి నడిపి చూడండి. అప్పుడు కనిపించే తేడా టైటిల్‌ది కాదు, ఊగిసలాటో విడదీయడంలో లోపమో అయి ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా చేసినా తేలకపోతే నచ్చిన టైటిల్ పెట్టేయండి. తప్పయినా నష్టం పెద్దగా ఉండదు. కానీ నోట్స్‌లో "రెండోది గెలిచింది" అని కాకుండా "తేలలేదు, చెరి 300 మంది" అని రాయండి. లేదంటే తర్వాతి టైటిళ్లన్నీ ఆ ఆరుగురి మీదే కట్టుకుపోతారు.