కంపెనీ ఖాతాలు – 7వ పాఠం: ప్రిఫరెన్స్ షేర్ల విమోచనం, సీఆర్ఆర్ ఎందుకు?

పోయిన పాఠంలో ప్రిఫరెన్స్ షేర్లు జారీ చేశాం. ఈసారి వాటి సొమ్ము వాటాదారులకు తిరిగి ఇచ్చేద్దాం. ఎంట్రీలు అయిదే, కష్టమేమీ కాదు. చిక్కంతా రెండో ఎంట్రీలో ఉంది. లాభాల్లోంచి కొంత మొత్తాన్ని తీసి మూలధన విమోచన రిజర్వు, అంటే సీఆర్ఆర్, అనే ఖాతాలో వేస్తాం. అది ఎంత, ఎందుకు అన్నది తేలితే మిగతా లెక్క దానంతటదే వస్తుంది.

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. వరంగల్ ఏనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ ప్రైవేట్ లిమిటెడ్ అనుకోండి. దాని బ్యాలెన్స్ షీట్‌లో ఈక్విటీ 60 లక్షలు, 9 శాతం ప్రిఫరెన్స్ షేర్లు 20 లక్షలు (వంద రూపాయల షేర్లు 20 వేలు, పూర్తిగా చెల్లించినవి). సెక్యూరిటీస్ ప్రీమియం 1 లక్ష, జనరల్ రిజర్వు 10 లక్షలు, లాభనష్టాల ఖాతా మిగులు 6 లక్షలు, క్యాపిటల్ రిజర్వు 2 లక్షలు, బయటి అప్పులు 11 లక్షలు. మొత్తం 110 లక్షలు. ఆస్తుల వైపు బిల్డింగు, యంత్రాలు 78, రావలసిన కిరాయిలు వగైరా 8, బ్యాంకులో 24.

షేర్లను 5 శాతం ప్రీమియంతో విమోచనం చేయాలి. అంటే 21 లక్షలు కట్టాలి. బ్యాంకులో 24 ఉన్నాయి కదా, చెక్కు రాసేస్తే సరిపోదా? సరిపోదు. నగదు ఉండటం వేరు, విమోచనానికి చట్టం ఒప్పుకునే వనరు ఉండటం వేరు. 2013 కంపెనీల చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఆ వనరులు రెండే. ఒకటి డివిడెండ్‌గా పంచగలిగే లాభాలు, రెండోది ఈ పని కోసమే జారీ చేసిన కొత్త షేర్ల సొమ్ము. డిబెంచర్లు అమ్మి తెచ్చినా, బ్యాంకు లోను తెచ్చినా నగదు వస్తుంది గాని లెక్కకు రాదు. షేర్ల మీద ఇంకా పిలుపు సొమ్ము బాకీ ఉంటే ముందు అది వసూలు చేసి, షేర్లను పూర్తిగా చెల్లించినవిగా మార్చాలి.

ఎందుకింత పట్టింపు? ఈ కంపెనీకి అప్పిచ్చినవాళ్ల వైపు నుంచి చూడండి. ఈక్విటీ 60, ప్రిఫరెన్స్ 20, కలిపి 80 లక్షలు యజమానులు వ్యాపారంలో పెట్టిన మూలధనం. ట్రైబ్యునల్ అనుమతి లేకుండా దాన్ని తగ్గించుకోవడం కుదరదు. ఆ ధైర్యంతోనే 11 లక్షలు అప్పిచ్చారు. ఇప్పుడు 20 లక్షల ప్రిఫరెన్స్ మూలధనం వెళ్లిపోతోంది. 5 లక్షల కొత్త ఈక్విటీ వచ్చిందనుకుందాం, మిగతా 15 లక్షలు లాభాల నుంచి ఇచ్చామని చెప్పుకున్నాం. కానీ సీఆర్ఆర్ ఎంట్రీ రాయకపోతే ఆ 15 లక్షలు జనరల్ రిజర్వులోనూ లాభనష్టాల ఖాతాలోనూ అలాగే కూర్చుంటాయి. ఈ సీజన్ బస్తాల కిరాయిలు బ్యాంకులో పడగానే డైరెక్టర్లు అదే 15 లక్షలను డివిడెండ్‌గా పంచేయవచ్చు. ఒకే లాభం పేరు చెప్పి రెండుసార్లు సొమ్ము బయటికి పోయినట్టే. మూలధనం 80 నుంచి 65కి దిగినా అడిగేవాడుండడు.

సీఆర్ఆర్ ఈ దారిని మూసేస్తుంది. పంచగలిగే ఖాతాలోంచి పంచకూడని ఖాతాలోకి 15 లక్షలు మారుస్తాం. మూలధనాన్ని తగ్గించే నిబంధనల విషయంలో చట్టం సీఆర్ఆర్‌ను చెల్లించిన మూలధనంతో సమానంగా చూస్తుంది. దాన్ని వాడుకోవడానికి చట్టం చూపే దారి ఒక్కటే, పూర్తిగా చెల్లించిన బోనస్ షేర్లు. బోనస్ ఇస్తే సొమ్ము బయటికి పోదు, రిజర్వు కాస్తా మూలధనమవుతుంది. ఇంకో మాట: సీఆర్ఆర్ అంటే పక్కన పెట్టిన నగదు కాదు. ఆ ఎంట్రీలో బ్యాంకు ఖాతా పేరే రాదు. చాలామంది దీన్ని సింకింగ్ ఫండ్‌తో కలగలిపి, ఆస్తుల వైపు పెట్టుబడుల కోసం వెతుకుతుంటారు.

ఇక లెక్క. డైరెక్టర్లు లాభనష్టాల ఖాతాలో 1 లక్ష మిగల్చాలనుకున్నారు. అయితే వాడదగ్గ లాభాలు 10 + 5 = 15 లక్షలు. క్యాపిటల్ రిజర్వు 2 లక్షలు ఇందులోకి రావు, అది డివిడెండ్‌గా పంచే లాభం కాదు. విమోచన ప్రీమియం 1 లక్షను సెక్యూరిటీస్ ప్రీమియంలోంచి సరిపెడతాం. నిర్దేశించిన అకౌంటింగ్ ప్రమాణాలు పాటించాల్సిన తరగతి కంపెనీ అయితే ఈ వెసులుబాటు లేదు, ప్రీమియం కూడా లాభాల నుంచే ఇవ్వాలి. మన కంపెనీ ఆ తరగతిది కాదనుకుందాం. ముఖవిలువ 20 లక్షల్లో లాభాలు 15 పోను కొత్త షేర్లు కనీసం 5 లక్షలకు జారీ చేయాలి, అంటే వంద రూపాయల ఈక్విటీ షేర్లు 5,000, ముఖవిలువకే.

ఎంట్రీలు వరుసగా:

1. బ్యాంకు ఖాతా డెబిట్ 5,00,000. ఈక్విటీ షేర్ క్యాపిటల్ ఖాతా క్రెడిట్ 5,00,000.
2. జనరల్ రిజర్వు డెబిట్ 10,00,000, లాభనష్టాల ఖాతా డెబిట్ 5,00,000. సీఆర్ఆర్ క్రెడిట్ 15,00,000.
3. ప్రిఫరెన్స్ షేర్ క్యాపిటల్ డెబిట్ 20,00,000, విమోచన ప్రీమియం డెబిట్ 1,00,000. ప్రిఫరెన్స్ వాటాదారుల ఖాతా క్రెడిట్ 21,00,000.
4. సెక్యూరిటీస్ ప్రీమియం డెబిట్ 1,00,000. విమోచన ప్రీమియం క్రెడిట్ 1,00,000.
5. ప్రిఫరెన్స్ వాటాదారుల ఖాతా డెబిట్ 21,00,000. బ్యాంకు క్రెడిట్ 21,00,000.

ఇప్పుడు బ్యాలెన్స్ షీట్: ఈక్విటీ 65, సీఆర్ఆర్ 15, క్యాపిటల్ రిజర్వు 2, లాభనష్టాల ఖాతా 1, అప్పులు 11, మొత్తం 94. ఆస్తులు 78, 8, బ్యాంకు 8 (24 + 5 – 21), అవీ 94. రెండు వైపులా కలవడం ఒక పరీక్షే, కానీ సీఆర్ఆర్ ఎంట్రీ మర్చిపోయినా రెండు వైపులా కలుస్తాయి. అందుకని అసలు పరీక్ష వేరే ఉంది. మూలధనానికి సీఆర్ఆర్ కలిపి చూడండి. ముందు 60 + 20 = 80, ఇప్పుడు 65 + 15 = 80. అంకె తగ్గిందంటే తప్పు జరిగినట్టే.

ఎక్కువగా తప్పు జరిగేది కొత్త షేర్లు ప్రీమియంతో జారీ అయినప్పుడు. అవే 5,000 షేర్లు 110 రూపాయలకు అమ్మితే బ్యాంకులోకి 5,50,000 వస్తాయి. దాన్నంతా వనరుగా పట్టుకుని సీఆర్ఆర్‌ను 14,50,000కి తగ్గిస్తారు. అలా చేస్తే మూలధనం, సీఆర్ఆర్ కలిపి 79,50,000 అవుతుంది. కొత్త షేర్ల ముఖవిలువ 5 లక్షలే లెక్కకు వస్తుంది. ఆ 50 వేలు సెక్యూరిటీస్ ప్రీమియం, దాని వాడకానికి వేరే సెక్షన్ ఉంది. రెండో తప్పు, సీఆర్ఆర్‌ను 21 లక్షల మీద కట్టడం. పోతున్న మూలధనం 20 లక్షలే కదా, ప్రీమియానికి సీఆర్ఆర్ అక్కర్లేదు.

ఆఫీసు పనిలో ఉన్నవాళ్లకు ఒక మాట: విమోచనమయ్యాక 30 రోజుల్లో ఎస్‌హెచ్-7 ఫారం రిజిస్ట్రార్‌కు పంపాలి.

సాధన: ప్రిఫరెన్స్ షేర్లు 30 లక్షలు, విమోచనం 10 శాతం ప్రీమియంతో. సెక్యూరిటీస్ ప్రీమియం 3 లక్షలు, జనరల్ రిజర్వు 12, లాభనష్టాల ఖాతా 9 (అందులో 2 మిగలాలి), క్యాపిటల్ రిజర్వు 4. కొత్త ఈక్విటీ షేర్ల ముఖవిలువ 100, అమ్మేది 120కి. ఈ కంపెనీ కూడా మన కోల్డ్ స్టోరేజీ లాగే ఆ అకౌంటింగ్ ప్రమాణాల తరగతిది కాదు. కొత్త షేర్లు 11,000, సీఆర్ఆర్ 19 లక్షలు రావాలి. సీఆర్ఆర్ 23 వస్తే క్యాపిటల్ రిజర్వు కలిపారు. 21 వస్తే మిగల్చాల్సిన 2 లక్షలు మర్చిపోయారు. షేర్లు 9,167 వస్తే ముఖవిలువకు బదులు 120తో భాగించారు.