పెసర మొలకల సారంలో ప్రొటీన్ ఎంతుందో స్పెక్ట్రోఫోటోమీటర్‌తో ఎలా కొలవాలి?

హనుమకొండలో మా డిగ్రీ పిల్లలతో ఈ ప్రయోగం చేయించేటప్పుడు పెసర మొలకలే వాడతాం. కూరగాయల సంతలో పొద్దున్నే దొరుకుతాయి, ప్రొటీన్ కూడా దండిగా ఉంటుంది. రెండు గ్రాముల మొలకల్ని చల్లటి కల్వంలో 10 మి.లీ. ఫాస్ఫేట్ బఫర్ పోసి మెత్తగా నూరండి. పలుచటి గుడ్డతో వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో 10 నిమిషాలు తిప్పితే పిప్పి అడుగుకు చేరుతుంది. పైన తేటగా నిలిచేదే మనకు కావాల్సిన సారం. మన ఎండాకాలంలో బల్ల మీద వదిలేస్తే అందులోని ఎంజైములు ప్రొటీన్లను తినేస్తాయి, కాబట్టి అయిపోయేదాకా ఐసులోనే ఉంచండి.

ప్రొటీన్ కంటికి కనపడదు. దానికి రంగు పట్టించాలి. 1976లో బ్రాడ్‌ఫోర్డ్ చెప్పిన పద్ధతిలో కూమాసీ బ్లూ అనే రంగును వాడతాం. ఆమ్లంలో అది ఇటుక గోధుమ రంగులో ఉంటుంది, ప్రొటీన్‌కు అతుక్కోగానే నీలంగా మారుతుంది. ఎంత ప్రొటీన్ ఉంటే అంత నీలం. ఆ నీలం 595 నానోమీటర్ల కాంతిని ఎంత మింగిందో మెషీన్ చెబుతుంది. అయితే ఆ అంకె ఒక్కటీ ఉంటే ప్రొటీన్ ఎంతో తెలియదు. ఎంత ప్రొటీన్‌కు ఎంత అంకె వస్తుందో ముందు తెలిసిన ద్రావణాలతో ఒక గీత గీసుకోవాలి. అదే స్టాండర్డ్ కర్వ్.

మెషీన్‌ను 20 నిమిషాల ముందే ఆన్ చేయండి. మధ్యలో కరెంటు పోయి వస్తే లాంప్ నిలకడకు వచ్చేదాకా మళ్ళీ ఆగాల్సిందే. ఫ్రిజ్‌లోని రంగు సీసాను కూడా అప్పుడే బయట పెట్టండి. 10 మి.గ్రా. బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసిన ప్రొటీన్) పొడిని 10 మి.లీ. బఫర్‌లో, నురగ రాకుండా మెల్లగా కరిగించండి. అదే బఫర్ కలుపుతూ మి.లీ.కు 0.25, 0.5, 0.75, 1 మి.గ్రా. ఉండేలా నాలుగు ద్రావణాలు చేయండి. ఐదోది బ్లాంక్, అంటే ప్రొటీన్ లేని ఉత్త బఫర్. ఒక్కోదాని నుంచి 20 మైక్రోలీటర్లు తీసి 1 మి.లీ. రంగులో కలపండి. ప్రతిదీ రెండేసి ట్యూబులు పెట్టుకోండి. ఐదు నిమిషాలు ఆగి, బ్లాంక్‌తో సున్నా చేసి, గంటలోపు రీడింగులన్నీ తీసేయాలి. ఈ రంగు క్వార్ట్జ్ క్యువెట్‌కు అంటితే వదలడం కష్టం. ప్లాస్టిక్‌దే వాడండి.

బ్లాంక్ ట్యూబును ఒకసారి వెలుతురుకు ఎత్తి చూడండి. అందులో అప్పుడే నీలి ఛాయ కనపడితే ట్యూబులో సబ్బు మిగిలిందని అనుమానించాలి. డిటర్జెంట్ కూడా ఈ రంగును నీలం చేస్తుంది. బాగా కడిగిన ట్యూబులతో మళ్ళీ మొదలుపెట్టండి.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. నాలుగు స్టాండర్డ్‌లకు వరుసగా 0.17, 0.33, 0.48, 0.62 వచ్చాయనుకోండి. సున్నాతో కలిపి ఎక్సెల్‌లో గీత వేస్తే వచ్చే సమీకరణం ఇది:

```
A = 0.62 × C + 0.01
```

A అంటే రీడింగ్, C అంటే మి.లీ.కు ఎన్ని మి.గ్రా. ప్రొటీన్ అన్నది.

ఇప్పుడు సారాన్ని ఉన్నదున్నట్టు పెడితే 1.34 వచ్చిందనుకుందాం. పిల్లలు చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఆ అంకెను సమీకరణంలో వేసేస్తే 2.15 మి.గ్రా. అని జవాబు వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ మన గీత 0.62 దగ్గరే ఆగిపోయింది. ఆ పైన ప్రొటీన్ పెరిగినా అతుక్కోవడానికి రంగు చాలదు, గీత వంగిపోతుంది. నీలంగా మారిన ట్యూబులో నీళ్ళు పోసి పలచన చేసినా లాభం లేదు. రంగు కొరత అప్పటికే జరిగిపోయింది. పలచన చేయాల్సింది సారాన్ని, అదీ రంగు కలపకముందు.

100 మైక్రోలీటర్ల సారానికి 900 బఫర్ కలిపితే పది రెట్లు పలచనవుతుంది. దాని రీడింగ్ 0.32 అయితే, 0.01 తీసేసి 0.62తో భాగిస్తే 0.5 వస్తుంది. పదితో హెచ్చిస్తే అసలు సారంలో మి.లీ.కు 5 మి.గ్రా. ఇందాకటి జవాబు ఇందులో సగం కూడా లేదు! ఇరవై రెట్లు పలచన చేసింది కూడా పెట్టండి. అది 0.17 ఇస్తే లెక్క 5.2కు దగ్గరగా వస్తుంది. రెండూ ఇలా కలిస్తేనే నేను రికార్డులో సంతకం పెడతాను.

ఈ రంగు ముఖ్యంగా ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంటుంది. బీఎస్ఏ చాలా ప్రొటీన్లకంటే ముదురు నీలం ఇస్తుంది, అందుకని మన మొలకల లెక్క అసలుకంటే కాస్త తక్కువ చూపించవచ్చు. రికార్డులో ‘మి.లీ.కు 5 మి.గ్రా., బ్రాడ్‌ఫోర్డ్ పద్ధతి, బీఎస్ఏ స్టాండర్డ్’ అని పూర్తిగా రాయండి. వేరే స్టాండర్డ్‌తో చేసినవాళ్ళ అంకెతో దీన్ని నేరుగా పోల్చకండి.