పాల సంఘం బడ్జెట్ సభ్యులకు చెప్పడం, 5వ పాఠం: క్యాన్‌కు అరవై రూపాయలు

పోయిన పాఠంలో ‘వచ్చే ఏడాది ఎన్ని పాలు వస్తాయో ముందు చెప్పండి, మిగతా లెక్కంతా దాని మీదే నిలుస్తుంది’ అన్నాను. ఉపన్యాసాలు రాసి చూపించినవాళ్లలో చాలామంది దగ్గర ఒకే తప్పు కనిపించింది కాబట్టి, ఈసారి చెప్పాలనుకున్న, సభ్యుల ప్రశ్నలకు జవాబుల భాగం పక్కన పెట్టి ముందు దాన్నే సరిచేద్దాం. అందరూ జనవరి పాలను తీసుకుని 365తో గుణించేశారు.

మన చిత్తూరు వైపు పాల సెంటర్‌లో ఏడాది పొడుగునా ఒకే లెక్క నడవదు. వానలు పడి పచ్చిమేత దొరికాక పాలు పెరుగుతాయి, చలికాలంలో నిండుగా ఉంటాయి. మార్చి దాటిందంటే చెనిక్కాయ కట్టె మీద, కొన్న దాణా మీద నెట్టుకురావాలి, ఎండకు జెర్సీ ఆవులు మేత కూడా సరిగా ముట్టవు. పాకాల వైపు ఒక చిన్న సంఘం అనుకోండి (అంకెలు పాఠం కోసం నేను వేసినవే). అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా 151 రోజులు రోజుకు 400 లీటర్లు. మార్చి నుంచి జూన్ దాకా 122 రోజులు 240 లీటర్లు. మిగిలిన మూడు నెలలు, 92 రోజులు, 320 లీటర్లు. మొత్తం కలిపితే సుమారు 1,19,000 లీటర్లు వస్తుంది. జనవరి లెక్కతో వేస్తే 1,46,000 వస్తుంది. లేని 27,000 లీటర్ల మీద వచ్చే డబ్బును కూడా ఖర్చులకు పంచేసి సభలో చదివితే, వచ్చే మే నెలలో సెక్రటరీ జీతానికే తడుముకోవాల్సి వస్తుంది.

ఉపన్యాసంలో ఇది చెప్పడానికి రెండు వాక్యాలు చాలు: “ఎండాకాలం పాలు వేరు, చలికాలం పాలు వేరు, అందుకని ఏడాదిని మూడు ముక్కలు చేసి లెక్క కట్టినాం. పోయిన ఏడాది బిల్లుల పుస్తకం ఇదిగో, ఎవురైనా తిప్పి చూడొచ్చు.” ఆ పుస్తకం నిజంగానే చేతిలో ఉండాలి. నేనైతే జిరాక్సులు పంచను, అసలు రిజిస్టరే బల్ల మీద పెడతాను.

సభను ఎలా మొదలుపెట్టాలి, ఎవరికి నమస్కారం చెప్పాలి అనేది మీకు తెలిసిందే, దాని జోలికి పోను.

ఇక నాకు ఎప్పుడూ చిరాకు తెప్పించే విషయానికి వస్తాను. మీరు రాసినవాటిలో చాలావరకు ఇలా మొదలయ్యాయి: “వచ్చే ఏడాది సంఘం ఆదాయం 45 లక్షల 22 వేలు.” దయచేసి ఈ వాక్యాన్ని కొట్టేయండి. లీటరుకు సగటున 38 రూపాయల చొప్పున 1,19,000 లీటర్లకు వచ్చే ఆ డబ్బు సంఘానిది కాదు, పాలు పోసినవాళ్లది. డెయిరీ నుంచి వస్తుంది, పాల బిల్లుగా సభ్యుల ఖాతాల్లోకి పోతుంది. పుస్తకాల్లో దాన్ని అమ్మకం, కొనుగోలు అని రెండు వైపులా రాయాల్సిందే, ఆడిట్‌కు అలాగే కావాలి, అందులో తేడా లేదు. కానీ సభలో కూర్చున్న మనిషికి చెవిలో పడేది ‘ఆదాయం 45 లక్షలు’ ఒక్కటే. ఆ తర్వాత మీరు ‘బోనస్‌కు 10 వేలు’ అన్నారనుకోండి, వెనక నుంచి ఒకాయన లేస్తాడు: “ఏమబ్బా, 45 లక్షలొస్తే మాకు పదివేలా? మిగతాది యాడికి పోయినట్ల?” ఆయన అడిగింది న్యాయమే, ఆయనకు మీరు చెప్పిన లెక్క ప్రకారం అదే ప్రశ్న రావాలి. అప్పుడు మీరు ‘అది టర్నోవరు అన్నా, మార్జిన్ వేరు’ అని మొదలుపెడితే, దాచిపెట్టి దొరికిపోయినవాళ్ల మాదిరి కనిపిస్తారు. అందుకని ఆ అంకె చెప్పాలనుకుంటే ఇలా చెప్పండి: “మన సెంటర్ మీదుగా ఏడాదికి 45 లక్షల పాల డబ్బు మీ ఖాతాల్లోకి పోతాది. దాంట్లో సంఘం పైసా ముట్టుకోదు. సంఘం నడిచేది డెయిరీ లీటరుకు విడిగా ఇచ్చే రూపాయిన్నరతోనే.” ఈ రూపాయిన్నర మార్జిన్ మీ దగ్గర ఇంకోలా ఉండొచ్చు, ఒప్పందం కాగితం చూసి అదే చెప్పండి.

ఇక్కడి నుంచి నా పద్ధతి ఒకటే, శాతాలు వాడను, లక్షలు వాడను, క్యాన్ లెక్క చెబుతాను. 40 లీటర్ల క్యాన్‌ను సభ్యులు రోజూ చూస్తారు. లీటరుకు రూపాయిన్నర చొప్పున క్యాన్‌కు 60 రూపాయలు. ఏడాదికి 2,975 క్యాన్లు, అంటే 1,78,500. అదీ సంఘం సొమ్ము.

ఆ 60 ఎలా ఖర్చవుతుందో చెప్పేటప్పుడు ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ‘బడ్జెట్ ఎలా తయారైంది’ అంటే అదే. సెక్రటరీ జీతం నెలకు 7,500, క్యాన్‌కు 30 రూపాయలు. పోయిన ఏడాది 7,000 ఉండేది, కమిటీ తీర్మానం చేసి పెంచింది. పెంచిన మాట ప్రెసిడెంటే చెప్పాలి, సెక్రటరీ నోటితో రాకూడదు. పాలు టెస్టు చేసే మనిషికి నెలకు 3,000, అంటే 12 రూపాయలు, మార్పు లేదు. గది బాడుగ 4 రూపాయలు, అగ్రిమెంటు ప్రకారం. కరెంటు, టెస్టింగు సామాను కలిపి 6 రూపాయలు, ఇది మాత్రం పాత బిల్లులు చూసి వేసిన అంచనా. మొత్తం 52. చేతిలో మిగిలేది 8కి కొంచెం తక్కువ, ఏడాదికి 22,500.

ఆ 22,500లో 8,000 కొత్త తూకం యంత్రానికి పెట్టాం. పాతది ఉదయం ఒక అంకె, సాయంత్రం ఒక అంకె చూపిస్తోందని సభ్యులే గొడవ చేస్తున్నారు కాబట్టి దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. మిగిలే 14,500 అంతా బోనస్ కాదు. ఏడాది చివర లెక్కలు ఆడిట్ అయ్యాక, బైలా ప్రకారం రిజర్వు నిధికి పోయేది పోయాక మిగిలిందే బోనస్. ఈ మాట బడ్జెట్ సభలోనే అనాలి, బోనస్ రోజున కాదు.

ఒకటి మర్చిపోకండి, లెక్క తప్పితే ఏం చేస్తారో కూడా ఉపన్యాసంలో ఉండాలి. “జూన్ ఆఖరుకు పాలు అనుకున్నదానికన్నా తగ్గితే తూకం యంత్రం అక్టోబరు దాకా కొనం, జీతాలు ఆపం” అని తేల్చి చెప్పండి. రోజుకు 240 అనుకున్నచోట 200 వస్తే 122 రోజులకు 4,880 లీటర్లు తగ్గుతాయి, సంఘానికి 7,320 రూపాయలు లోటు. అంటే దాదాపు యంత్రం డబ్బే. వాయిదా వేసేది ఏదో ముందే చెప్పి ఉంటే జూలైలో మళ్లీ పంచాయితీ ఉండదు.

అభ్యాసం: మీ సెంటర్ 12 నెలల పాల బిల్లులు తీసుకుని నెలవారీగా లీటర్లు చేత్తో కూడండి, కంప్యూటరు నుంచి మొత్తం దించుకోవద్దు. క్యాన్ లెక్క కట్టండి. తర్వాత కాగితం లేకుండా, చదువు రాని ఒక సభ్యురాలికి ఆమె ఇంటి దగ్గరే కూర్చుని అయిదు నిమిషాల్లో చెప్పండి. మరుసటి రోజు సాయంత్రం పాలు పోయడానికి వచ్చినప్పుడు “క్యాన్ మీద సంఘానికి ఎంత మిగుల్తాది అక్కా?” అని అడగండి. ఆమె 8 రూపాయలని, అది దేనికి పోతుందో కూడా చెప్పేదాకా ఉపన్యాసం తిరగరాస్తూనే ఉండండి. సభ్యుల ప్రశ్నలకు జవాబులు వచ్చే పాఠంలో చూద్దాం.