ప్లింత్ ఎత్తు పెంచే ముందు రెవిట్ మోడల్‌లో చూసుకోవలసిన జాగ్రత్తలు

మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పర్లాకిమిడిలో వానలకు ముందు ఇంటి యజమానులు తరచుగా అడిగే మార్పు ప్లింత్ ఎత్తు పెంచడం. నేల నుంచి 450 మిల్లీమీటర్లున్న ప్లింత్‌ను 900 చేయమంటారు. మోడల్‌లో ఇది ఒక గీతను పైకి జరిపినంత తేలికగా కనిపిస్తుంది కాబట్టే, దీనిని తొందరపడి చేయకూడదు.

లెవెల్ అనేది కాగితం మీద గీత కాదు. గోడలు, స్లాబులు, తలుపులు ఆనుకొని ఉండే అడ్డు తలం. ప్లాన్ వ్యూ కూడా దానికే కట్టుబడి, మామూలుగా ఆ లెవెల్‌కు 1200 మిల్లీమీటర్ల పైన భవనాన్ని అడ్డంగా కోసి చూపిస్తుంది. లెవెల్ జరిగితే ఆ కోత కూడా దానితో పాటే జరుగుతుంది కనుక, ప్లాన్‌లో ఏ తేడా కనిపించకపోవచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఉదాహరణకు, గ్రౌండ్ ఫ్లోర్ 450 దగ్గర, ఒకటో అంతస్తు 3450 దగ్గర ఉన్నాయనుకుందాం. గ్రౌండ్ ఫ్లోర్ లెవెల్‌ను మాత్రమే 900కి జరిపితే అంతస్తు ఎత్తు 3000 నుంచి 2550కి పడిపోతుంది. Top Constraint పై లెవెల్‌కు ఇచ్చిన గోడలు మారు మాట లేకుండా కుదించుకుపోతాయి. Unconnected అని వదిలేసిన 3000 ఎత్తు గోడలు మాత్రం పై స్లాబును దాటి 450 మిల్లీమీటర్లు పొడుచుకు వచ్చి, ఒకటో అంతస్తు ప్లాన్‌లో అక్కర్లేని సన్నని గీతలుగా కనిపిస్తాయి. స్లాబు మందంతో కలిపి బీము లోతు 450 అయితే, దాని కింద మిగిలేది 2100 మాత్రమే. 2100 ఎత్తు తలుపు పైన లింటెల్‌కు చోటే ఉండదు. అందుచేత ఎలివేషన్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌తో పాటు పై లెవెళ్లన్నింటినీ ఎంచుకొని, ఒకేసారి 450 పైకి జరపాలి.

అయితే పునాది లెవెల్‌ను వాటితో కలపకూడదు. ఫుటింగులను గ్రౌండ్ ఫ్లోర్ నుంచి -1950 ఆఫ్‌సెట్‌తో పెట్టి ఉంటే, అవి కూడా పైకి లేచి -1500 నుంచి -1050కి వస్తాయి. అంటే పునాది లోతు 450 తగ్గిపోతుంది. ఫుటింగులకు విడిగా పునాది లెవెల్ ఇచ్చి, దానిని పిన్ చేసిన తరువాతే మిగతావి కదపండి. స్తంభాలు కింది వైపు అంతమేర పొడవవుతాయి గనుక స్ట్రక్చరల్ ఇంజనీరుకు తప్పక తెలియజేయాలి.

గ్రిడ్లు నిలువు తలాలు. వాటి పై కొస ఏ లెవెల్‌కన్నా కింద ఆగిపోతే, ఆ లెవెల్ ప్లాన్‌లో అవి కనిపించవు. భవనం పైకి జరిగాక మెట్ల గది కప్పు ప్లాన్‌లో గ్రిడ్లు మాయమైతే కొత్తవి గీయకండి. ఒకే పేరు రెండు గ్రిడ్లకు కుదరదు కనుక 3వ గ్రిడ్ మీది స్తంభానికి అక్కడ మరో అంకె పడుతుంది, సైటులో మేస్త్రీ దానిని వేరే స్తంభం అనుకుంటాడు. ఎలివేషన్‌కు వెళ్లి, కొస దగ్గర 3D అని ఉందో లేదో చూసి పైకి లాగండి. 2D అని ఉంటే ఆ ఒక్క వ్యూలోనే గీత పొడవు మారి, ప్లాన్‌లో గ్రిడ్ తిరిగి రాదు. ఒక ఎలివేషన్‌లో అంకెల గ్రిడ్లు, దానికి అడ్డంగా ఉన్న ఎలివేషన్‌లో అక్షరాల గ్రిడ్లు కనిపిస్తాయి కాబట్టి రెండింటిలోనూ ఈ పని చేయాలి.

డ్రాయింగులు సైటుకు పంపే ముందు మెట్ల మీదుగా ఒక సెక్షన్ కోసి, ప్రతి అంతస్తు ఎత్తునూ ఫుటింగు అడుగునూ కొలతలు పెట్టి చూడండి.