వడ్ల సెంటర్ తెరిచే ముందు సార్‌తో తేల్చుకోవాల్సినవి

యాసంగి కోతలు మొదలయ్యాయంటే మన వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు వైపు ఊరూరా వడ్ల కొనుగోలు సెంటర్లు తెరుచుకుంటాయి. ఐకేపీ సెంటరైనా, సొసైటీ సెంటరైనా ఇన్‌చార్జి పరిస్థితి ఒకటే. ముందు రైతు, వెనుక మిల్లు, నెత్తిన మబ్బు, చేతిలో మోగుతూనే ఉండే ఫోన్. ఆ ఫోన్ చేసేది మీ పైన ఉండే సార్. తూకం, తేమ, గన్నీ సంచుల గురించి శిక్షణలో చెప్తారు. సార్‌తో ఎలా నెగ్గుకురావాలో ఎవరూ చెప్పరు. సీజన్ మధ్యలో ఇన్‌చార్జిలు ఎక్కువగా నలిగిపోయేది అక్కడే కాబట్టి, సెంటర్ తెరవకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు రాస్తున్నాను.

మొదట సార్ మాటలు ఎలా ఉంటాయో చూడండి. "సెంటర్‌ల ఒక్క గింజ తడవద్దు." "రైతు నుంచి కంప్లైంట్ రావద్దు." "మిల్లు నుంచి లారీ వాపస్ రావద్దు." విడివిడిగా మూడూ న్యాయమైనవే. అయితే ఒకే రోజు మూడూ కుదరకపోతే దేన్ని ముందు పెట్టుకోవాలో ఇందులో ఎక్కడా లేదు. రైతు తెచ్చిన వడ్లలో తేమ 20 శాతం ఉంది, పడమట మబ్బు పట్టింది. కొనడానికి పరిమితి 17 శాతం. తూకం వేస్తే మిల్లు ఒప్పుకోదు, వేయకపోతే కుప్ప తడుస్తుంది. ఆ రెండింటి మధ్య మీరు ఏం చేసినా, మూడు మాటల్లో ఒకటి తప్పుతుంది, సాయంత్రం తిట్లు తప్పవు.

రైతు ఎందుకు పట్టుబడతాడో కూడా సార్‌కు లెక్కతో చెప్పగలగాలి. 20 శాతం తేమ ఉన్న వడ్లను 17కు ఎండబెడితే 40 కిలోల సంచికి దాదాపు కిలోన్నర బరువు తగ్గుతుంది. 2025-26లో ఏ గ్రేడ్ మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన సంచికి 35 రూపాయల దాకా తగ్గినట్టు రైతుకు కనిపిస్తుంది. పైగా ఆరబెట్టడానికి జాగా, కూలి, రెండు రోజుల కాపలా. "రైతులు మాట వింటలేరు సార్" అనే మాట కంటే ఈ లెక్క సార్‌కు ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఆయన దీన్ని తన పైవాళ్లకు అప్పజెప్పగలరు.

అందుకే సెంటర్ తెరవడానికి వారం ముందే సార్‌ను ఓ అరగంట అడగండి. మీటింగ్‌లో అందరి మధ్య కాదు, విడిగా. "ఏం చేయమంటరు సార్" అని అడిగితే "జాగ్రత్తగా చేయమ్మా" అనే జవాబే వస్తుంది. జరగబోయే సంగతి ఒకటి ఎదురుగా పెట్టి అడగండి. "తేమ 19 ఉంది, గంటలో వాన అంటున్నరు, లారీ లేదు. అప్పుడు పట్టాలు కప్పి ఆపుమంటరా, తూకం వేయమంటరా?" దీనికి ఆయన ఏదో ఒకటి చెప్పాల్సిందే. అదే రీతిలో ఇంకో మూడు విషయాలు తేల్చుకోండి. పట్టాలు చాలకపోతే కిరాయికి తేవడానికి ఎంత వరకు మీరే ఖర్చు పెట్టొచ్చు, ఆ బిల్లు ఎవరు ఇస్తారు? టోకెన్ తేదీలు మార్చే అధికారం మీకుందా, అడిగే మార్చాలా? రాత్రి పూట ఏ సంగతికి ఫోన్ చేయాలి, ఏది పొద్దున దాకా ఆగొచ్చు?

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. సార్‌కు పైనుంచి రివ్యూ ఎన్ని గంటలకు ఉంటుందో కనుక్కోండి. ఆ కాల్‌లో ఆయనను అడిగేవి ఎన్ని సంచులు కొన్నారు, ఎన్ని లేపారు, ఎన్ని సెంటర్‌లో ఉన్నాయి, ఎంతమంది రైతుల వివరాలు ట్యాబ్‌లో ఎక్కాయి అనే నాలుగైదు అంకెలే. అవి చేతిలో లేకుండా కాల్‌లో కూర్చున్న మనిషి, బయటికి రాగానే ముందు అరిచేది మీ మీదే. రివ్యూకు అరగంట ముందే ఆ అంకెలు వాట్సాప్‌లో వెళ్తే రోజుకు వచ్చే ఫోన్లలో చాలావరకు తగ్గిపోతాయి. ఇది సార్‌ను కాకా పట్టడం అనుకోవద్దు. ఆయన పని ఆగకపోతేనే మీ పని నడుస్తుంది.

మాట్లాడి వచ్చిన సాయంత్రమే రాసి పంపండి. ఇంత చాలు: "నమస్తే సార్. ఈ రోజు మీరు చెప్పింది నేను ఇట్ల అర్థం చేసుకున్న. తేమ 17 దాటితే తూకం లేదు, పట్టాలు కప్పి ఆరబెట్టిస్త. టోకెన్ తేదీ రెండు రోజుల వరకు నేనే మారుస్త. పట్టాల కిరాయి మీరు చెప్పిన మేరకు బిల్లుతో. తప్పుంటే చెప్పండి సార్." కొందరు సార్లు జవాబివ్వరు. అయినా పర్వాలేదు, మర్నాడు ఫోన్‌లో "నిన్నటి మెసేజ్ చూసిండ్రా సార్" అని ఒకసారి గుర్తు చేయండి. ముఖ్యంగా "చూద్దాం" అన్న మాటను ఒప్పుకున్నట్టు లెక్కపెట్టకండి. తర్వాత ఇరుక్కునేది చాలాసార్లు ఆ మాట దగ్గరే.

ఇక సీజన్‌లోకి వస్తే, సమస్య ఒక్కటే పట్టుకుని ఫోన్ చేయడం, దారి కూడా వెతుక్కుని చేయడం వేరువేరు. ఒక సెంటర్ సంగతి తీసుకుందాం. శనివారం సాయంత్రానికి తూకమై, కుట్టి, పేర్చిన సంచులు 1,250. తూకం కాని కుప్పలు ఇంకో 900 సంచులకు సరిపడా. హమాలీలు రోజుకు 500 సంచులు తూకం వేస్తున్నారు. లారీకి 400 సంచుల చొప్పున రోజుకు ఒక్క లారీయే పోతోంది. అంటే ప్రతి రోజూ 100 సంచులు పేరుకుంటున్నాయి. సోమవారం వాన అని వాతావరణ శాఖ చెప్తోంది.

మామూలుగా అయితే ఇన్‌చార్జి అక్క చేసే ఫోన్ ఇది: "సార్, లారీలు వస్తలేవు, వాన పడుతదట, ఏం చేయాలె?" సార్ జవాబు కూడా తెలిసిందే: "లారీలకు చెప్పిన కదమ్మా, వస్తయి."

కానీ ఈసారి ఫోన్ చేసే ముందు ఆమె ఇద్దరు డ్రైవర్లతో మాట్లాడింది. అసలు సంగతి అప్పుడు బయటపడింది. సెంటర్‌కు రెండు లారీలు కేటాయించే ఉన్నాయి. రెండూ తిరుగుతూనే ఉన్నాయి. కానీ మిల్లు దగ్గర దించే హమాలీలు ఒక్క జట్టే కాబట్టి, పొద్దున పోయిన లారీ మర్నాడు గానీ ఖాళీ కావడం లేదు. ఇప్పుడు మూడో లారీ ఇచ్చినా మిల్లు గేటు ముందు వరుస పెరుగుతుంది తప్ప సెంటర్ ఖాళీ కాదు. లారీలు అడిగి, ఇప్పించుకుని, అయినా పని జరగకపోతే తర్వాత సార్ ఆమె మాట నమ్మేవారు కాదు.

అప్పుడు ఆమె చెప్పింది ఇలా: "సార్, సెంటర్‌ల కుట్టిన సంచులు 1,250 ఉన్నయి. లారీలు ఉన్నయి గని మిల్లు కాడ దించుడు లేటైతుంది. మూడు దార్లున్నయి సార్. 800 సంచులకు ఇంకో మిల్లును ట్యాగ్ చేయించుడు. లేకుంటే మన హమాలీలల్ల సగం మందిని రేపు మధ్యాహ్నం నుంచి మిల్లుకు పంపుడు, కాకపోతే మన దగ్గర తూకం సగమైతది. మూడోది, రెండు రోజులు తూకం ఆపుడు. కానీ ఆపినా ఉన్నయి లేవడానికే మూడు రోజులు పైన పడుతది, కింద కుప్పలు తడుస్తయి. రేపటికి రెండోది మంచిదనిపిస్తుంది, సోమవారం నుంచి మొదటిది. మిల్లు ఆయనతోని మీరు ఒక్క మాట మాట్లాడాలె సార్. రేపు పది గంటల వరకు ఒప్పుకోకపోతే తూకం ఆపి పట్టాల పని పెట్టుకుంట, సరేనా?"

ఇందులో సార్ చేయాల్సింది ఒక్క ఫోన్, చెప్పాల్సింది ఒక్క "సరే". ఆయన మిల్లుతో మాట్లాడారు. ఇంకో మిల్లు మాత్రం మంగళవారం దాకా కాదన్నారు, ఎందుకంటే ట్యాగింగ్ మార్చడం ఆయన ఒక్కరి చేతిలో ఉండదు. బదులుగా పక్క సెంటర్ నుంచి పది పట్టాలు ఇప్పించారు. అడిగినదంతా దొరకలేదు, అయినా ఆదివారం రెండు లారీలు దిగి 800 సంచులు లేచాయి. ఆ రోజు తూకమైనవి 350 మాత్రమే కాబట్టి సంచులు 800కు తగ్గాయి, పట్టాలు వాటికీ కుప్పలకూ సరిపోయాయి.

ఈ పద్ధతిలో రెండు చోట్ల జాగ్రత్త పడాలి. దారి పేరుతో మూడు నాలుగు మాటలు వల్లెవేసి ఏది మంచిదో చెప్పకపోతే, భారం మళ్లీ సార్ మీదకే వెళ్తుంది, ఆయనకు విసుగొస్తుంది. మీకు ఏది సరైనదనిపిస్తుందో తప్పక చెప్పండి. రెండోది, మీ చేతిలో లేని దాన్ని దారిగా చెప్పకండి. మిల్లు గొడవ పోవాలని రైతు దగ్గర సంచికి కిలో తరుగు తీయడం, మీటర్‌లో 19 వస్తే ట్రక్ షీట్ మీద 17 రాయడం, తూకం కాని వడ్లను ట్యాబ్‌లో ముందే ఎక్కించడం దార్లు కావు. పైనుంచి "ఏదోలా సర్దమ్మా" అని వస్తే ఎదురు మాట్లాడాల్సిన పని లేదు. "సార్, మీటర్‌ల 19 వచ్చింది, ఆరబెట్టమని చెప్పి టోకెన్ బుధవారానికి మార్చిన" అని మెసేజ్ పెట్టండి. సర్దమన్నది దేన్నో ఆయన కూడా రాతలో చెప్పాల్సి వస్తుంది, చాలాసార్లు అక్కడితో ఆ మాట ఆగిపోతుంది.

మీ మీద సార్‌కు నమ్మకం సన్నగిల్లుతోందని ముందే కనిపెట్టొచ్చు. మీరు పంపిన అంకెనే మళ్లీ అడుగుతున్నా, మిమ్మల్ని దాటి హమాలీ మేస్త్రీకో, రైతుకో నేరుగా ఫోన్ చేస్తున్నా అది గుర్తు. కోపం తెచ్చుకోకుండా ఆ రోజే అడగండి: "సార్, నా లెక్కల ఏమన్నా తేడా కనబడ్డదా?" ఎక్కువసార్లు పాత లెక్క ఒకటి సరిపోలకపోవడమే కారణమై ఉంటుంది. ట్యాబ్‌లో ఎక్కినవి, రిజిస్టర్‌లో రాసినవి వేరుగా ఉంటాయి, అది సరిచేస్తే పోతుంది.

కొన్నిటికి మాత్రం దారి వెతుక్కుంటూ కూర్చోవద్దు. హమాలీకి దెబ్బ తగిలినా, పిడుగు పడినా, మిల్లు లారీని తిప్పి పంపినా, రైతులు రోడ్డు మీద కూర్చున్నా, సంచులు తడిసినా వెంటనే ఫోన్ చేయాలి. 2025 అక్టోబర్ ఆఖరులో మొంథా తుఫాను వరంగల్, హనుమకొండలను ముంచినప్పుడు చూశాం, ఒక్క రాత్రిలో ఎంత మునుగుతుందో. అలాంటప్పుడు సార్‌కు పరిష్కారం అక్కర్లేదు. తడిసిన సంచులు ఎన్ని, కుప్పలు ఎన్ని, ఏ ఏ రైతులవి, తూకమైనవా కానివా, లోపలి దాకా తడిశాయా పైవరసేనా అన్నది కావాలి. పట్టా తీసి ఒక్కో వరసా చూపిస్తూ ఫోటోలు తీసి పంపండి, ఎండ రాగానే ఏ సంచులు ముందు విప్పాలో అక్కడి నుంచే మాట్లాడుకోండి.