ఏడాది చివర మిగిలిపోయిన సరుకు విలువ కట్టడం ఎలా?

స్టాకు లెక్క పెట్టే రోజు గోడవారన దుమ్ము పట్టిన అట్టపెట్టెలు ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు, పుస్తకాల్లో ఎంత పనుందో తెలిసిపోతుంది. ఆ పెట్టెల్లోని సరుకు కొన్న ధరకే పుస్తకాల్లో కూర్చుని ఉంటుంది. బయట దానికి ఆ ధర పలకదు. అకౌంటింగ్‌లో దీనికున్న నియమం ఒకటే: సరుకును దాని ఖర్చు, దాన్ని అమ్మితే చేతికొచ్చే నికర మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువో ఆ విలువకు చూపించాలి. రెండో దాన్నే నెట్ రియలైజబుల్ వాల్యూ అంటారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 2 చెప్పేది కూడా ఇదే.

ఎందుకింత జాగ్రత్త? ముగింపు సరుకు విలువ ఎక్కువ వేస్తే ఈ ఏటి లాభం అంత మేరకు ఎక్కువ కనిపిస్తుంది. ధర పడిపోయింది ఈ ఏడాదిలో, నష్టం మాత్రం సరుకు అమ్ముడైన వచ్చే ఏడాదిలో పడుతుంది. అదీగాక, అమ్మితే 550 వచ్చేదాన్ని ఆస్తి అప్పుల పట్టీలో 700 అని రాసుకుంటే, అది చూసి అప్పిచ్చేవాడు మోసపోతాడు.

టేబుల్ ల్యాంపులు తయారు చేసే ఒక యూనిట్ లెక్క తీసుకుందాం. ఏడాది చివర దాని దగ్గర మూడు రకాల సరుకు మిగిలింది. అన్నీ కలిపి ఖర్చు 1,00,000.

1. ముందు ఖర్చు తేల్చండి

కొన్న ధర, తెప్పించుకున్న రవాణా, తయారీ కూలి, ఫ్యాక్టరీ ఖర్చుల్లో న్యాయమైన వాటా, ఇవన్నీ ఖర్చులోకి వస్తాయి. అమ్మకాల కమీషన్, ఆఫీసు ఖర్చులు రావు. ఈ భాగం మీ పుస్తకాల్లో ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆగనక్కర్లేదు.

2. చేతికి ఎంత వస్తుందో లెక్కేయండి

అసలు పని ఇక్కడుంది. మామూలుగా అమ్మగలిగే ధరలోంచి రెండు తీసేయాలి: సరుకు పూర్తి కావడానికి ఇంకా పెట్టాల్సిన ఖర్చు, అమ్మడానికయ్యే ఖర్చు. మీకు రావాల్సిన లాభాన్ని మాత్రం తీయకూడదు. చాలామంది తెలియకుండానే తీసేస్తారు.

మొదటి రకం ల్యాంపులు 100. ఒక్కోదాని ఖర్చు 600. అమ్మే ధర 900, కమీషనూ రవాణా కలిపి 80. చేతికొచ్చేది 820. ఖర్చే తక్కువ కాబట్టి 600 దగ్గరే ఉంచాలి.

రెండో రకం పాత మోడల్, 40 ఉన్నాయి. ఖర్చు 700. ధరల పట్టికలో ఇప్పటికీ 950 అనే ఉంది, కానీ గత రెండు నెలల బిల్లులు తీసి చూస్తే ఒక్కటీ 650కి మించి పోలేదు. నమ్మాల్సింది బిల్లునే. 650లో పది శాతం కమీషన్ 65, పాడైన పెట్టె మార్చడానికి 35 పోగా మిగిలేది 550. ఒక్కోదాని మీద 150 చొప్పున 6,000 తగ్గించాలి.

మూడో రకం సగం తయారైన ల్యాంపులు, 30. ఇప్పటిదాకా ఒక్కోదానికి 400 ఖర్చయింది. పూర్తయ్యాక 750కి అమ్ముడవుతాయి. 400 పెట్టినదానికి 750 వస్తుందంటే లాభమేగా అనిపిస్తుంది. కానీ పూర్తి చేయడానికి ఇంకా 260 కావాలి, అమ్మడానికి 120. మిగిలేది 370. ఒక్కోదానికి 30 చొప్పున 900 తగ్గాలి. సగం తయారైన సరుకులో నష్టం ఇలాగే దాక్కుంటుంది. మిగిలిన పనికి ఎంతవుతుందో ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లను అడిగి తెలుసుకోవాలి, ఆఫీసులో కూర్చుని ఊహిస్తే లాభం లేదు.

3. రకం రకంగా పోల్చండి, మొత్తాలను కాదు

మూడింటి ఖర్చు 1,00,000. మూడింటి మీద చేతికొచ్చేది 82,000, 22,000, 11,100 కలిపి 1,15,100. మొత్తాలు పోల్చితే తగ్గించాల్సిన అవసరమే కనబడదు. మొదటి రకంలో ఇంకా రాని లాభం మిగతా రెండింటి నష్టాన్ని మింగేసింది. పని కొత్తలో నేనూ ఈ పొరపాటే చేశాను, ఆడిటర్ పట్టుకున్నాడు. విడివిడిగా పోల్చితే 60,000, 22,000, 11,100 కలిపి 93,100 వస్తుంది. పుస్తకాల్లో ఉండాల్సింది ఈ అంకె. ఒకే వరసకు చెందిన, ఒకేచోట అమ్ముడయ్యే, విడదీసి చూడటం కుదరని సరుకులైతేనే కలిపి చూడవచ్చు.

4. ఖాయమైన ఆర్డర్లను పక్కకు తీయండి

పాత మోడల్ 40లో 15 ల్యాంపులకు 800 చొప్పున కొంటానని ఒకరు ముందే ఒప్పందం రాసిచ్చారనుకోండి. వాటికి కమీషన్ లేదు, పెట్టె ఖర్చు 35 పోతే 765. ఖర్చు 700 కన్నా ఎక్కువే. అప్పుడు ఆ 15 జోలికి వెళ్లకూడదు, మిగతా 25 మీదే 3,750 తగ్గిస్తే సరిపోతుంది. నోటిమాటగా ‘తీసుకుంటాంలే’ అన్నవి ఈ లెక్కలోకి రావు.

5. ముడిసరుకు ధర పడిందని తొందరపడకండి

గోదాములో 10,000 పెట్టి కొన్న ఇత్తడి గొట్టాలున్నాయి. ఇప్పుడు అవే 8,000కి దొరుకుతున్నాయి. అవి మొదటి రకం ల్యాంపులకు వాడేవైతే తగ్గించనక్కర్లేదు, ఎందుకంటే ఆ ల్యాంపు తన ఖర్చును రాబట్టుకుంటోంది. నష్టానికి పోతున్న ల్యాంపుకే వాడేవైతే తగ్గించాలి. అప్పుడు ఈ రోజు మళ్లీ కొంటే ఎంతవుతుందన్నదే చాలాసార్లు మంచి కొలబద్ద.

6. పద్దు రాయండి

ఆర్డర్ లేదనుకుంటే తగ్గింపు 6,900. దాన్ని ఈ ఏటి ఖర్చుగా డెబిట్ చేసి, సరుకు విలువ తగ్గింపు ఏర్పాటు ఖాతాకు క్రెడిట్ చేయాలి. నేరుగా సరుకు ఖాతాలోనే కోసేయవచ్చు కూడా, కానీ ఏర్పాటు ఖాతా ఉంటే ఏ రకానికి ఎంత తగ్గించామో మరుసటి ఏడు సులువుగా దొరుకుతుంది. రుజువుగా బిల్లుల నకళ్లు దాని వెనకే పెట్టుకోండి.

ఏడాది ముగిశాక జరిగిన అమ్మకాలు కూడా రుజువే. తర్వాతి నెలలో పాత మోడల్ 620కే పోయిందంటే, ఏడాది చివర దాని పరిస్థితి అదేనని అర్థం, లెక్క సరిదిద్దాలి. ఏడాది దాటాక గోదాములోకి నీళ్లొచ్చి ల్యాంపులు పాడైతే మాత్రం అది కొత్త ఏటి నష్టం.

ఇక రెండో వైపు. లాభం బాగా వచ్చిన ఏడాది కొందరు కావాలనే ఎక్కువ తగ్గిస్తారు. మరుసటి ఏడు అదే సరుకు మంచి ధరకు పోయి, లాభం ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు కనబడుతుంది. జాగ్రత్త పేరుతో జరిగే గారడీ ఇది. తగ్గించిన సరుకు మీద మరుసటి ఏడు మామూలుకు మించిన లాభం వస్తే, తగ్గింపు లెక్కను తిరిగి చూడాల్సిందే.

7. మరుసటి ఏడు మళ్లీ చూడండి

పాత మోడల్ ఇంకా మిగిలే ఉంది, ఈలోగా గిరాకీ వచ్చి ధర 900కి చేరిందనుకుందాం. కమీషన్ 90, పెట్టె 35 పోతే 775. ఐఏఎస్ 2 ప్రకారం తగ్గించిన విలువను తిరిగి పెంచాలి, కానీ 700 దాకానే. ఆ పైనున్న 75 ల్యాంపు అమ్ముడైన రోజు వచ్చే లాభం. అమెరికా ప్రమాణాల్లో మాత్రం ఒకసారి ఏడాది చివర తగ్గించాక ఆ 550నే కొత్త ఖర్చు అనుకోవాలి, ధర పెరిగినా వెనక్కి తీసుకోవడం కుదరదు.