నో కాస్ట్ ఈఎంఐ అసలు ఖర్చును లెక్క కట్టడం ఎలా?

ఫోను ధర పక్కన ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని ఉన్నంత మాత్రాన బ్యాంకు వడ్డీ వదులుకున్నట్లు కాదు. క్రెడిట్ కార్డు వాయిదాల మీద బ్యాంకు తన వడ్డీ తాను వేస్తూనే ఉంటుంది. ఆ వడ్డీకి సరిపడా మొత్తాన్ని అమ్మకందారు ముందే ధరలో తగ్గిస్తాడు కాబట్టి, అన్ని వాయిదాలూ కలిపితే మళ్లీ అసలు ధరే వస్తుంది. సున్నా వడ్డీ అనేది అసలు లేనే లేదని, చాలాసార్లు ఆ వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు ముసుగులో కొనుగోలుదారు మీదే వేస్తున్నారని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు రాసింది. ఆ ఖర్చు ఎక్కడ ఉందో వెతకడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం: ధర 30,000 రూపాయలు, ఆరు వాయిదాలు, నెలకు 5,000.

1. మొత్తం ఒకేసారి కడితే ఎంతో ముందు తెలుసుకోండి

దుకాణంలో అయితే వాయిదాల మాట ఎత్తకముందే, ‘ఇప్పుడే మొత్తం కడితే ఎంతకు ఇస్తారు?’ అని అడగండి. ఆన్‌లైన్‌లో అయితే చెల్లింపు పేజీ దాకా వెళ్లి, అదే కార్డుతో పూర్తి చెల్లింపు ఎంచుకుని చివరి మొత్తం చూడండి. ఆ తర్వాత వెనక్కి వచ్చి ఈఎంఐ ఎంచుకుని, అక్కడి మొత్తం చూడండి. మన ఉదాహరణలో పూర్తిగా కట్టేవారికి 1,500 తగ్గింపు ఉందని, ఈఎంఐ ఎంచుకుంటే అది పోతుందని అనుకుందాం. అప్పుడు ఈ ఫోను అసలు ధర 28,500. దాచిన ఖర్చులో పెద్ద వాటా ఇదే. ఇది ఏ బిల్లులోనూ ‘ఖర్చు’ అని కనిపించదు కాబట్టే చాలామంది లెక్కలోకి తీసుకోరు.

అన్నిచోట్లా ఇలాగే ఉండదు. కొన్ని బ్యాంకు ఆఫర్లు ఈఎంఐకి కూడా వర్తిస్తాయి, కొన్నింటిలో ఈఎంఐకే తగ్గింపు ఎక్కువ. అందుకే రెండు మొత్తాలనూ మీ కళ్లతో చూడాలి.

2. బ్యాంకు వడ్డీ మీద పడే పన్ను చూడండి

వడ్డీ ఏడాదికి 15 శాతమైతే, నెలకు 5,000 చొప్పున ఆరు వాయిదాలతో తీరే అప్పు దాదాపు 28,730. మిగిలిన 1,270 వడ్డీ. అమ్మకందారు తగ్గించేది ఈ 1,270 మాత్రమే. క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఇక్కడ అది 229 రూపాయలు, దాన్ని మీరే కట్టాలి. అది నెలనెలా కొద్దికొద్దిగా స్టేట్‌మెంట్‌లో పడుతుంది.

కొనుగోలు బిల్లులో ఆ వడ్డీ తగ్గింపు కనిపించకపోతే జాగ్రత్త పడండి. ఒకే పేజీలో కొన్ని నెలల గడువుకు నో కాస్ట్, ఇంకొన్నింటికి మామూలు ఈఎంఐ ఉండటం సాధారణం. అసలు, వడ్డీ, తగ్గింపు ఎంతెంతో ఈఎంఐగా మార్చకముందే కార్డు సంస్థ స్పష్టంగా చూపాలని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి.

3. ప్రాసెసింగ్ ఫీజు కలపండి

ఈ ఫీజు 199 అనుకుంటే జీఎస్టీతో 235 అవుతుంది. సాధారణంగా మొదటి వాయిదాతోనే వసూలు చేస్తారు. వస్తువు ధరతో సంబంధం లేకుండా ఒకే ఫీజు ఉన్నచోట, చిన్న కొనుగోళ్ల మీద దాని భారం ఎక్కువ.

4. అన్నీ కలిపి వడ్డీ రేటుగా మార్చండి

వాయిదాలు 30,000, పన్ను 229, ఫీజు 235 కలిపితే 30,464. ఒకేసారి కడితే 28,500. తేడా 1,964. చూడటానికి చిన్న మొత్తమే, కానీ మీరు వాడుకున్నది ఆరు నెలల పాటు నెలనెలా తరిగిపోయే అప్పు. అందుకే దీన్ని వార్షిక రేటులోకి మార్చి చూడాలి. ఏదైనా స్ప్రెడ్‌షీట్‌లో A1లో 28500 రాసి, A2 నుంచి A7 వరకు నెలవారీ చెల్లింపులను మైనస్ గుర్తుతో రాయండి. మన ఉదాహరణలో అవి 5300, 5054, 5044, 5033, 5022, 5011. తర్వాత ఈ సూత్రం ఇవ్వండి:

```
=IRR(A1:A7)*12
```

వచ్చే జవాబు దాదాపు 23 శాతం. బ్యాంకు వేసిన 15 శాతం కన్నా ఇది బాగా ఎక్కువ. చాలా బ్యాంకుల వ్యక్తిగత రుణాలు ఇంతకన్నా తక్కువకే దొరుకుతాయి. అదే 1,500 తగ్గింపు ఈఎంఐకి కూడా వర్తిస్తే భారం పన్నూ ఫీజుల దగ్గరే ఆగుతుంది, దాదాపు 450 రూపాయలు. చేతిలో డబ్బు కట్టకుండా ఆరు నెలలు ఉంచుకోవడానికి ఆ మాత్రం పెట్టవచ్చా అన్నది అప్పుడు మీ అవసరాన్ని బట్టి ఉంటుంది.

5. మధ్యలో ఆగితే ఏమవుతుందో ముందే చదవండి

వస్తువు వెనక్కి ఇచ్చినా ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా తిరిగి రాదు. డబ్బు వాపసు వచ్చాక ఈఎంఐ దానంతటదే రద్దయిందని అనుకోకుండా, బ్యాంకుకు ఫోన్ చేసి రద్దు చేయించుకోండి. లేకపోతే వాయిదాలు నడుస్తూనే ఉండవచ్చు. గడువుకు ముందే అప్పు తీర్చేస్తే, మిగిలిన అసలు మీద 3 శాతం వరకు రుసుము, దాని మీద జీఎస్టీ వేసే బ్యాంకులు ఉన్నాయి. మీ కార్డుకు అది ఎంతో ‘ఛార్జీల పట్టిక’లో చూసుకున్నాకే కొనుగోలు ఖాయం చేయండి.